కవర్డ్ కాల్: అమ్మే ఉద్దేశం లేనివాళ్లు అమ్మకూడని సరుకు

మన దగ్గరున్న షేర్లను ఫలానా ధరకు కొనే హక్కును డబ్బు తీసుకుని ఇంకొకరికి అమ్మడమే కవర్డ్ కాల్. దాని గురించి ఎవరు చెప్పినా దాదాపు ఒకేలా మొదలుపెడతారు. "షేర్లు ఎలాగూ ఖాతాలో ఊరికే పడి ఉన్నాయి కదా, వాటి మీద నెలనెలా అద్దె తెచ్చుకోండి" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. పదేళ్లుగా ఒకే షేరు పట్టుకుని కూర్చున్నవాళ్లకైతే మరీ బాగుంటుంది. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పైన కాస్త డబ్బు వస్తుంది, ఇంకేం కావాలి?

నేను దీంతో ఏకీభవించను. కవర్డ్ కాల్ చెడ్డదని కాదు. ఫలానా ధర వస్తే ఈ షేరు అమ్మేద్దామని ముందే అనుకున్నవాళ్లకు అది చక్కగా పనికొస్తుంది. ఎప్పటికీ అమ్మననుకునేవాళ్లకే దాంతో ఇబ్బంది. మన మార్కెట్లో ఈ పద్ధతిని ఎక్కువగా అంటగట్టేదేమో సరిగ్గా ఈ రెండో రకం వాళ్లకే.

ముందు అసలు జరిగేదేమిటో చూద్దాం. మీ దగ్గర 100 షేర్లు ఉన్నాయి, ధర 500 అనుకోండి. ఒక నెల గడువున్న 525 స్ట్రైక్ కాల్‌ను షేరుకు 8 చొప్పున అమ్మారు. మీ చేతికి ప్రీమియంగా 800 వచ్చింది. బదులుగా మీరిచ్చిన మాట ఇది: ఈ నెలలోపు షేరు ఎంత పెరిగినా, కొన్నవాడు కోరితే 525కే ఇచ్చేస్తాను. దీన్ని అద్దెతో పోల్చడం నాకు నచ్చదు. అద్దెకున్నవాడు ఇంటి ధర పెరిగిందని ఇల్లు రాయించుకోడు. ఇది ఇంటి మీద బయానా తీసుకోవడం లాంటిది. ధర ఖాయం, గడువు ఖాయం, బయానా మీదే. కొనాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా అవతలివాడి ఇష్టం. ధర పెరిగితే వస్తాడు, పడితే మొహం చాటేస్తాడు.

గడువు రోజున షేరు 505 దగ్గర ఉంటే కాల్ చచ్చిపోతుంది. షేరు మీద 5, ప్రీమియం 8, మొత్తం 13 లాభం. సరిగ్గా 525 దగ్గర ఆగితే అదే మనకు అన్నిటికన్నా మంచి ఫలితం, షేరుకు 33 లాభం. షేరు 570కి వెళ్లినా లాభం ఆ 33 దగ్గరే ఆగిపోతుంది. ఊరికే పట్టుకున్నవాడికి 70 వచ్చిన చోట మనకు 33. అదే 440కి పడితే? మన నష్టం 60 నుంచి 52కి తగ్గుతుంది, అంతే. ఈ లెక్కలో గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 533. స్ట్రైక్‌కు ప్రీమియం కలిపితే వచ్చేది అది. అంతకు పైన ముగిసిన ప్రతి నెలా, ఏమీ చేయకుండా ఉన్నవాడే మనకన్నా నయం.

500 మీద 8 అంటే నెలకు 1.6 శాతం. దాన్ని పన్నెండుతో గుణించి ఏడాదికి 19 శాతం అని చెప్పేస్తారు. ఆ గుణింతం పన్నెండు నెలలూ షేరు 533 లాంటి గీత దాటదని, పెద్దగా పడదని కూడా అనుకుంటుంది. 570 లాంటి ఒక్క నెల వస్తే పోయేది 37, అంటే దాదాపు ఐదు నెలల ప్రీమియం. దీర్ఘకాలం పట్టుకున్న మంచి షేర్ల చార్టు చూస్తే, పెరుగుదల ప్రతి నెలా కొంచెం కొంచెంగా వచ్చినట్టు ఉండదు. ఎక్కువ కాలం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండి, కొన్ని నెలల్లో ఒక్కసారిగా ఎగురుతుంది. మనం అన్నేళ్లు ఓపిక పట్టింది ఆ కొన్ని నెలల కోసమే. కాల్ కొన్నవాడు మనకు డబ్బిచ్చేది కూడా ఆ నెలల కోసమే.

ఇక్కడ డెల్టా అనే అంకె గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఆప్షన్ల పట్టికలో అది కనిపిస్తుంది, చాలామంది దాన్ని పట్టించుకోకుండా ప్రీమియం మాత్రమే చూస్తారు. మన 525 కాల్ డెల్టా సుమారు 0.30 ఉంటుంది. అంటే షేరు ఒకటి పెరిగితే కాల్ ధర సుమారు 0.30 పెరుగుతుంది, అది మనకు నష్టం. కాబట్టి కాల్ అమ్మిన క్షణం నుంచి మన 100 షేర్లు ఇంచుమించు 70 షేర్లలా ప్రవర్తిస్తాయి. రిస్కు తగ్గడమే కావాలంటే 30 షేర్లు అమ్మేసి డబ్బు బ్యాంకులో వేసుకున్నా ఆ రోజుకు పరిస్థితి దగ్గరదగ్గరగా అదే.

కానీ ఆ 70 అక్కడే ఆగదు. షేరు పెరుగుతూ పోతే డెల్టా 0.50, 0.80, చివరికి 1 అవుతుంది. మన 100 షేర్లు 50లా, 20లా, ఆఖరికి ఏమీ లేనట్టుగా అయిపోతాయి. షేరు పడితే డెల్టా సున్నా వైపు వెళ్తుంది, మన షేర్లు మళ్లీ నిండుగా 100 అవుతాయి. పెరిగేటప్పుడు మన వాటా కరిగిపోతుంది, పడేటప్పుడు మాత్రం పూర్తి వాటాతో ఉంటాం. ఆ 8 ప్రీమియం ఈ అన్యాయానికి మనకిచ్చే పరిహారం. అది సరిపోతుందా లేదా అన్నది కాల్‌లో దాగి ఉన్న ఊగిసలాట అంచనా, అంటే ఇంప్లైడ్ వొలటిలిటీ, తర్వాత నిజంగా జరిగిన ఊగిసలాట కన్నా ఎక్కువా తక్కువా అన్నదాని మీద ఉంటుంది. ఎక్కువైతే అమ్మినవాడికి లాభం, తక్కువైతే కొన్నవాడికి. కవర్డ్ కాల్‌లో నిజంగా "అదనం" అనదగ్గది ఈ తేడా ఒక్కటే. మిగతాదంతా మనదైన పెరుగుదలను మనమే ముందుగా, వాయిదాల్లో అమ్ముకోవడం.

పైకి ఎగిరే షేరు గురించి అందరూ హెచ్చరిస్తారు. నాకు అంతకన్నా భయం కలిగించేది పడి లేచే షేరు. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అదే ఉదాహరణ కొనసాగిద్దాం. మొదటి నెలలో షేరు 500 నుంచి 440కి పడింది. 8 ప్రీమియం మిగిలింది. రెండో నెల మళ్లీ అమ్మాలని పట్టిక తెరిస్తే 525 కాల్ ధర అర రూపాయి లెక్కన ఉంటుంది. బ్రోకరేజీకి కూడా సరిపోదు. నెలనెలా డబ్బు రావాలని అలవాటు పడ్డ చెయ్యి ఊరుకోదు కదా, స్ట్రైక్ కిందికి దింపుతుంది. 460 కాల్‌కు 9 పలుకుతోంది. మార్కెట్ భయపడి ఉంది కాబట్టి ప్రీమియం కూడా కాస్త పుష్టిగానే ఉంటుంది. అమ్మేశాం. ఆ నెల షేరు కోలుకుని 505కి వచ్చింది. మన షేర్లు 460కే పోయాయి.

ఇప్పుడు లెక్క చూడండి. 460కి రెండు ప్రీమియంలు 8, 9 కలిపితే 477. షేరేమో 500 దగ్గర మొదలై 505 దగ్గర ఉంది. ఏమీ చేయనివాడికి 5 లాభం, రెండు నెలలూ "ఆదాయం" వచ్చిన మనకు 23 నష్టం. షేరు పడలేదు, ఎగరలేదు, ఉన్నచోటికే వచ్చింది. అయినా నష్టపోయాం. పడేటప్పుడు నష్టమంతా మనం భరించి, లేచేటప్పటి లాభాన్ని 9కి అమ్ముకున్నందుకు వచ్చిన ఫలితం ఇది.

ఇది నేను కల్పించిన ఉదాహరణే అయినా ఇలాంటిది పెద్ద ఎత్తున జరిగింది. షికాగో ఆప్షన్స్ ఎక్స్ఛేంజీ 2002లో బై-రైట్ ఇండెక్స్ అని ఒకటి తెచ్చింది. ఎస్ అండ్ పీ 500 సూచీని పట్టుకుని, ప్రతి నెలా అప్పటి స్థాయికి కాస్త పైనున్న ఒక నెల కాల్‌ను అమ్ముతూ పోతే ఏమవుతుందో అది చూపిస్తుంది. 2020 ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 వరకు ఎస్ అండ్ పీ సుమారు 34 శాతం పడింది. ఆగస్టుకల్లా మళ్లీ కొత్త గరిష్ఠానికి చేరింది. డివిడెండ్లతో కలిపి ఆ ఏడాది 18 శాతానికి పైగా ఇచ్చింది. బై-రైట్ ఇండెక్స్ మాత్రం ఆ ఏడాదిని స్వల్ప నష్టంతో ముగించింది. పతనంలో ప్రీమియం కాపాడింది కొంతే. ఆ తర్వాత ప్రతి నెలా అప్పుడున్న తక్కువ ధర దగ్గరే లాభానికి కప్పు వేసుకుంటూ వచ్చింది కాబట్టి పూర్తిగా కోలుకునే అవకాశం లేకపోయింది. ఆ సూచీలో భయమూ ఆశా ఉన్న మనిషి లేడు, నియమం ప్రకారమే నడిచింది. అయినా ఇలా అయింది.

అందుకే నా మొదటి నియమం: షేరు పడినప్పుడు స్ట్రైక్‌ను దాని వెంట దింపను. నేను అమ్మడానికి సిద్ధపడ్డ ధర దగ్గర ప్రీమియం రాకపోతే ఆ నెల ఏమీ అమ్మను. ఏమీ అమ్మని నెలలు లేకుండా ఈ పద్ధతి నడిపేవాళ్లను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

మా బాబాయికి ఒక కంపెనీ షేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆయన కొన్న ధర 60. ఆ కాగితం గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో సొంత పొలం గురించి చెప్పేవాడి ధీమా ఉంటుంది. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, నేనెలాగూ వాటిని అమ్మను కదా, కాల్స్ అమ్ముకుంటే తప్పేంటిరా?" అన్నాడు.

"అమ్మనని నువ్వు అనుకుంటే సరిపోతుందా బాబాయ్? కాల్ కొన్నవాడికి ఆ సంగతి తెలీదుగా" అన్నాను.

"అంత దూరం వస్తే వెనక్కి కొనేస్తాలే."

ఈ "వెనక్కి కొనేస్తాలే" అన్న మాట దగ్గర ఆగాలి. ఎందుకంటే అమ్మే ఉద్దేశం లేనివాళ్లందరి ప్లానూ అదే. షేరు 570కి వెళ్లి, గడువు దగ్గరపడ్డప్పుడు 525 కాల్ ధర సుమారు 46 ఉంటుంది. 8కి అమ్మింది 46కి కొనాలి. 100 షేర్లకు 4,600 చేతి నుంచి నగదుగా కట్టాలి. షేర్ల విలువ 7,000 పెరిగింది నిజమే, కానీ అది కాగితం మీది లాభం. ఆప్షన్ నష్టం మాత్రం నగదు. అదనపు ఆదాయం కోసం మొదలుపెట్టినవాడు జేబులోంచి తీసి కట్టాలి, లేదా కట్టడానికి ఆ షేర్లే కొన్ని అమ్మాలి.

అప్పుడు రోల్ చేయడం మొదలవుతుంది. పాత కాల్ కొనేసి తర్వాతి నెల కాల్ అమ్మడం. అదే 525 స్ట్రైక్‌లో తర్వాతి నెల కాల్ సుమారు 50 పలుకుతుంది, కాబట్టి 46 కట్టి 50 తీసుకుంటే పైన 4 మిగులుతుంది. "చూశావా, మళ్లీ డబ్బే వచ్చింది" అనిపిస్తుంది. నిజానికి జరిగింది ఏమిటంటే 570 ఉన్న షేరును ఇంకో నెల పాటు 525కే ఇస్తానన్న మాట కొనసాగింది. నష్టం పోలేదు, తర్వాతి నెలకు జరిగింది. ఈలోపు షేరు 440కి పడితే 525 నుంచి కిందికి వచ్చిన నష్టం మాత్రం 4 మినహా మొత్తం మనదే. కప్పును 550కి పెంచుకోవాలంటే తర్వాతి నెల 550 కాల్‌కు సుమారు 31 వస్తుంది, 46 కట్టాలి, నికరంగా 15 చేతినుంచి పోతుంది. పెరుగుతున్న షేరు వెంట ఇలా పరిగెత్తేవాళ్లు కొన్ని నెలల తర్వాత చూసుకుంటే, వచ్చిన ప్రీమియంలన్నీ వెనక్కి కొనడానికే పోయి ఉంటాయి.

వెనక్కి కొనకుండా షేర్లు ఇచ్చేస్తే సరిపోదా అంటే, మనలో చాలామందికి సరిపోతుంది. బాబాయి లాంటివాళ్లకు సరిపోదు. 60కి కొన్నది 525కి పోతే 465 లాభం ఒక్కసారిగా లెక్కలోకి వస్తుంది. చాలా చోట్ల దాని మీద పన్ను అప్పుడే కట్టాలి. ఇన్నేళ్లు అమ్మకుండా వాయిదా వేసుకున్న పన్నును 8 ప్రీమియం కోసం, అదీ అవతలివాడు నిర్ణయించిన రోజున కట్టడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు కాదు. కొన్న ధర ఎంత పాతదైతే కాల్ అమ్మడం అంత ఖరీదు. ఈ ఖర్చు ఆప్షన్ల పట్టికలో ఎక్కడా కనిపించదు. మీరున్న చోటి పన్ను నియమాలు చూసుకుని మీరే వేసుకోవాలి.

డివిడెండు కోసం పట్టుకున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. గడువుకు ముందే ఎప్పుడైనా హక్కు వాడుకోవడానికి వీలున్న ఆప్షన్లలో, వీటినే అమెరికన్ తరహా అంటారు, స్ట్రైక్ దాటి లోపలికి వచ్చేసిన కాల్‌ను కొన్నవాడు ఎక్స్-డివిడెండ్ తేదీకి ముందు రోజు షేర్లు లాక్కోవచ్చు. గడువు ఇంకా మిగిలి ఉన్నందుకు కాల్‌కు పలికే అదనపు ధర, అంటే టైమ్ వాల్యూ, రాబోయే డివిడెండు కన్నా తక్కువగా ఉంటే దాదాపు తప్పకుండా లాక్కుంటాడు. గడువు రోజున మాత్రమే హక్కు వాడుకునే యూరోపియన్ తరహాలో ఈ బెడద లేదు. మీ మార్కెట్‌లో ఏ తరహా ఉందో, గడువున షేర్లే చేతులు మారతాయో తేడా డబ్బు మాత్రమే కడతారో మొదటి కాల్ అమ్మకముందే తెలుసుకోవాలి.

మరి ఎవరికి పనికొస్తుంది? ఒక షేరు మీ దగ్గర అవసరానికి మించి పోగుపడిందనుకోండి. దాన్లో సగం తగ్గించుకోవాలని ఉంది. 525 వస్తే సంతోషంగా ఇచ్చేస్తారు, 500కి ఇవ్వబుద్ధి కావడం లేదు. ఊరికే 525 దగ్గర అమ్మకపు ఆర్డరు పెట్టి కూర్చుంటే ఎదురుచూసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. అదే ధరకు కాల్ అమ్మితే 8 ఇస్తారు. షేరు 525 దాటి అక్కడే ఉంటే మీకు 533 పడింది. దాటకపోతే 8 ఉంచుకుని మళ్లీ చూస్తారు. ఆర్డరుతో పోలిస్తే ఒక లోటుంది. షేరు నెల మధ్యలో 530కి వెళ్లి మళ్లీ కిందికొస్తే ఆర్డరు పెట్టినవాడు అమ్ముకుని ఉంటాడు, మీరు అమ్ముకోలేదు. అయినా నా లెక్కలో ఈ ఒక్క సందర్భంలోనే కవర్డ్ కాల్ దీర్ఘకాల వాటాదారుకు సహజంగా సరిపోతుంది. 570 వచ్చినా ఏడుపు రాని షేర్ల మీదే అమ్మాలి. మిగతా సగాన్ని ముట్టుకోకూడదు.

అమ్మేటప్పుడు కంపెనీ ఫలితాల తేదీ గడువులోపు పడుతుందా అని మొదట చూస్తాను. పడితే ప్రీమియం 8 ఉండాల్సింది 13, 14 ఉంటుంది. అది ఔదార్యం కాదు. ఆ ఒక్కరోజు షేరు ఎంత ఎగరొచ్చో మార్కెట్ ముందే లెక్కేసి ధర కట్టింది. తర్వాత బిడ్, ఆస్క్, అంటే కొనేవాడు ఇస్తానన్న ధర, అమ్మేవాడు అడిగే ధర చూస్తాను. బిడ్ 7.20, ఆస్క్ 8.80 ఉన్న చోట చివరి ధర 8 అని చూసి మార్కెట్ ఆర్డరు కొడితే చేతికొచ్చేది 7.20. ప్రీమియంలో పదో వంతు ఆ క్షణంలోనే పోయింది. లిమిట్ ఆర్డరు మధ్యలో పెట్టి ఓపిక పడితే తరచూ కాస్త మెరుగైన ధర దొరుకుతుంది. రోజంతా పెట్టినా ఎవరూ రాకపోతే ఆ స్ట్రైక్‌లో లావాదేవీలు లేవని అర్థం. వెనక్కి కొనాల్సి వచ్చినప్పుడు కూడా అదే గతి పడుతుంది కాబట్టి అలాంటిదాన్ని వదిలేస్తాను. అమ్మిన కాల్ నెల సగంలోనే 8 నుంచి 1కి పడితే కొనేసి లెక్క ముగిస్తాను. మిగిలిన ఆ 1 కోసం ఇంకో రెండు వారాలు పెరుగుదలను తాకట్టు పెట్టడం దండగ.

ఈ పద్ధతి మనకు నిజంగా లాభమో కాదో తెలియాలంటే బ్రోకర్ పంపే స్టేట్‌మెంట్ చాలదు. దాన్లో ప్రీమియంలు వరుసగా లాభాల్లా కనిపిస్తాయి. వేరే షీటులో మూడు గళ్లు పెట్టుకోవాలి: ఆ నెల వచ్చిన నికర ప్రీమియం, ఇప్పుడు నా దగ్గరున్న మొత్తం, ఏమీ చేయకుండా ఉండి ఉంటే నా దగ్గర ఉండే మొత్తం. పైన చెప్పిన పడి లేచిన రెండు నెలల కథను ఇందులో రాస్తే మొదటి గడిలో రెండు నెలలకూ కలిపి 1,700 అని ఉంటుంది, రెండో గడిలో 47,700, మూడో గడిలో 50,500. బాబాయికి ఈ షీటే పంపాను. ఆయన షేర్లలో పావు వంతు మీద మాత్రమే, అదీ ఇప్పటి ధరకు బాగా పైనున్న స్ట్రైక్‌లో అమ్ముతానంటున్నాడు. అంత పైన ప్రీమియం ఒకటీ రెండూ కన్నా రాదని చెప్పాను. సరే, రానంత వరకు అమ్మనులే అన్నాడు.